మూడు నెలలకోసారి సర్దాలా, చార్ట్ చెప్పినప్పుడు అమ్మాలా?

ప్రశ్న: అన్నా, మాది అల్లూరు దగ్గర. రొయ్యల మేత షాపులో అకౌంట్స్ రాస్తాను. బిట్‌కాయిన్, ఇథీరియం, సొలానా మూడింట్లో కలిపి 2 లక్షలు పెట్టాను, జీతంలోంచి నెలకు 5 వేలు వేయగలను. 60, 30, 10 శాతం అనుకుని మొదలుపెట్టాను గానీ ఆరు నెలలకే లెక్క తప్పింది. మూడు నెలలకోసారి అమ్మి కొని సరిచేసుకోమని ఒకరంటారు. టెలిగ్రామ్ గ్రూపులో వాళ్లేమో 50 రోజుల గీత, 200 రోజుల గీత చూసి అమ్మాలి, కొనాలి అంటారు. ఏది పట్టుకోవాలి?

జవాబు:

తమ్ముడూ, నేను కావలిలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లు వేసే పనిలో ఉన్నాను. 2020 నుంచి సొంతంగా కాయిన్లు కూడా పెట్టుకున్నాను. అందుకే చార్ట్ కంటే ముందు నా చూపు పన్ను మీద పడుతుంది. ఈ రెండు పద్ధతుల మీద నువ్వు చూసే వీడియోల్లో ఎక్కువ భాగం వేరే దేశాల వాళ్లవి. వాళ్ల దగ్గర ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేసుకోవచ్చు. మన దగ్గర కుదరదు. నీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ ఒక్క తేడాలోనే ఉంది.

2022 ఏప్రిల్ 1 నుంచి మనకున్న రూలు ఇది. కాయిన్ అమ్మితే వచ్చిన లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం. నీ జీతం ఎంత తక్కువైనా రేటు ఇదే. ఖర్చుల్లో కొన్న ధర ఒక్కటే తీసేసుకోవచ్చు. నష్టం వస్తే దాన్ని ఇంకో కాయిన్ లాభంతో కలపడానికి లేదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ లేదు. ఇవి కాక 2022 జూలై 1 నుంచి అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. సొలానా ఇచ్చి నేరుగా ఇథీరియం తీసుకున్నా, రూపాయి చేతికి రాకపోయినా, అది సొలానా అమ్మినట్టే లెక్క.

ఇప్పుడు గ్రూపు వాళ్ల పద్ధతిని ఈ రూలు పక్కన పెట్టి చూడు. లక్ష రూపాయలతో ఏడాదిలో ఆరుసార్లు కొని అమ్మావనుకో. ప్రతిసారీ లక్షతోనే. మూడుసార్లు 12 వేల చొప్పున లాభం, మూడుసార్లు 8 వేల చొప్పున నష్టం. లాభం 36 వేలు, నష్టం 24 వేలు, మిగిలింది 12 వేలు. ఎవరైనా మంచి ఏడాదే అంటారు. కానీ పన్ను 12 వేల మీద కాదు, 36 వేల మీద పడుతుంది. అది 11,232. చేతిలో మిగిలింది 768 రూపాయలు. ఎక్స్ఛేంజ్ ఫీజు కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.25 శాతం అనుకుంటే, మొత్తం 12 లక్షల పైచిలుకు లావాదేవీ మీద 3 వేలు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, అంతా కలిపి సుమారు 3,575. అంటే లాభం వచ్చిన ఏడాదిలో నీకు 2,800 చిల్లర నష్టం. అమ్మకాలు 6 లక్షలు దాటాయి కాబట్టి 6 వేల పైన టీడీఎస్ కూడా కట్ అయి ఉంటుంది. అది పోయే డబ్బు కాదు, కట్టాల్సిన పన్నులో సర్దుకుంటుంది. కానీ రిటర్న్ వేసేదాకా నీ చేతిలో ఉండదు, దాంతో కొనడానికి వీలుండదు.

సిగ్నల్ తప్పని నేననడం లేదు. సగంసార్లు తప్పినా గెలిచే పద్ధతులుంటాయి. కానీ ఆ గెలుపు ఓడిన సగాన్ని గెలిచిన సగంలోంచి తీసేస్తేనే వస్తుంది. మన చట్టం ఆ తీసివేతనే ఒప్పుకోదు.

ఇక ఆ 50, 200 రోజుల గీతల సంగతి. దీనికి బిట్‌కాయిన్ చరిత్ర మన ముందే ఉంది కాబట్టి ఊహించక్కర్లేదు. గత 50 రోజుల ధరల సగటు గత 200 రోజుల సగటు కిందికి దిగితే అమ్మాలి, పైకి లేస్తే కొనాలి. 2022 జనవరిలో 42 వేల డాలర్ల దగ్గర అమ్మమంది. అక్కడ నిజంగా కాపాడింది. అదే ఏడాది నవంబర్‌లో ధర 16 వేల కిందికి పోయింది. 2023 ఫిబ్రవరిలో దాదాపు 23,500 దగ్గర మళ్లీ కొనమంది. ఇక్కడిదాకా గ్రూపు వాళ్ల మాట నూటికి నూరుపాళ్లు నిజం.

తర్వాత చూడు. 2023 సెప్టెంబర్‌లో 26 వేల దగ్గర అమ్మమని, అక్టోబర్ చివర 34,500 దగ్గర కొనమంది. 2024 ఆగస్టులో 60 వేల దగ్గర అమ్మమని, అక్టోబర్‌లో 67 వేల దగ్గర కొనమంది. 2025 ఏప్రిల్‌లో 83 వేల దగ్గర అమ్మమని, మే నెలలో లక్షా పది వేల దగ్గర కొనమంది. మూడుసార్లూ తక్కువకు అమ్మించి ఎక్కువకు కొనిపించింది. కారణం పెద్ద రహస్యం కాదు. 200 రోజుల సగటు అంటేనే ఆరేడు నెలల పాత ధరలు. ధర పడి, మళ్లీ లేవడం మొదలయ్యాక గానీ గీతలు ఒకదాన్నొకటి దాటవు. 2022లోలాగా పతనం ఏడాది పొడుగునా సాగితే ఆ ఆలస్యం పెద్ద నష్టం కాదు. రెండు మూడు నెలల్లో తేరుకుంటే మాత్రం సిగ్నల్ వచ్చేసరికే కథ అయిపోయి ఉంటుంది.

రూపాయి మారకం తేడా వదిలేసి డాలర్ లెక్కనే లక్ష అనుకో. 2022 జనవరిలో సిగ్నల్ విని పక్కన పెట్టిన లక్షను, అది చెప్పినట్టే తిప్పుతూ 2025 మే దాకా వస్తే, పన్ను లేకపోతే దాదాపు 2.38 లక్షలు. ఏమీ ముట్టుకోకుండా ఉంచినవాడికి 2.62 లక్షలు. చూశావా, పోటీ దగ్గర దగ్గరే. ప్రతి అమ్మకంలోనూ 31.2 శాతం కడుతూ వస్తే సిగ్నల్‌వాడి డబ్బు 1.88 లక్షలకు దిగుతుంది. ఉంచుకున్నవాడు ఆ రోజే మొత్తం అమ్మి పన్ను కట్టినా 2.11 లక్షలు మిగులుతాయి. పన్ను ఎప్పుడో ఒకప్పుడు కట్టాల్సిందే గానీ, చివర్లో ఒకేసారి కట్టేవాడి డబ్బు మధ్యలో అంతకాలం పెరుగుతూ ఉంటుంది. అయితే ఉంచుకున్నవాడు మధ్యలో తన లక్ష కాస్తా 40 వేల కంటే తక్కువకు పడిపోవడం కళ్లారా చూశాడని మర్చిపోవద్దు. ఆ టెన్షన్‌కు తట్టుకోలేక అడుగున అమ్మేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది.

నా సంగతీ చెప్తాను. 2023 చివర్లో ఒంగోలులో బంధువుల రిసెప్షన్ నుంచి బండి మీద వస్తున్నాను. సింగరాయకొండ దగ్గర టీకి ఆగితే ఫోన్లో అలర్ట్. సొలానా చార్ట్‌లో ఆర్ఎస్ఐ అనే అంకె 80 దాటింది, అంటే మరీ ఎక్కువ కొనేశారు, ఇక పడుతుందని. గ్లాసు ఓ చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ఉన్నదంతా అమ్మేశాను. మర్నాటికి పడింది, సంబరపడ్డాను. రెండు వారాలకు సొలానా పైకి పోయి, నేను అమ్మిన ధర కింద ఎక్కడో ఉండిపోయింది. బలంగా పెరిగే రోజుల్లో ఆర్ఎస్ఐ వారాల తరబడి పైనే ఉంటుందని నాకు తెలియక కాదు. టీ తాగుతూ అది గుర్తుకు రాలేదు, అంతే. చివరికి ఎక్కువ ధరకే కొన్నాను, జూలైలో అమ్మకం మీద పన్నూ కట్టాను.

సరే, మరి తేదీ ప్రకారం సర్దడం మంచిదా? మంచిదే, కానీ నీకు చెప్పిన పద్ధతిలో కాదు. అమ్మి కొని 60, 30, 10కి అచ్చంగా తెచ్చుకుంటే ఇందులో కూడా పన్ను కాటు ఉంటుంది. ఇంకో చిక్కు, సర్దేటప్పుడు మనం అమ్మేది మిగతావాటి కంటే బాగా పెరిగినదాన్నే, అంటే చాలాసార్లు లాభంలో ఉన్నదాన్నే. అప్పుడు పన్ను తప్పదు.

మీ చెరువుల దగ్గర మేత వేసే తీరు నీకు నాకంటే బాగా తెలుసు. రోజుకు నాలుగు పూటలు టైము ప్రకారం వేస్తారు. రెండు గంటల తర్వాత చెక్ ట్రే ఎత్తి చూస్తారు. మిగిలి ఉంటే తర్వాతి పూట తగ్గిస్తారు, అంతేగానీ రొయ్య నీళ్లలో ఎగిరినప్పుడల్లా బస్తా విప్పరు. కాయిన్లకూ అంతే. చూసే రోజు ముందే ఖాయం, చేసే పని ట్రేలో మిగిలినదాన్ని బట్టి.

నీ లెక్కే తీసుకుందాం. బిట్‌కాయిన్ 1,20,000, ఇథీరియం 60,000, సొలానా 20,000తో మొదలుపెట్టావు. ఇప్పుడు బిట్‌కాయిన్ 1,50,000, ఇథీరియం 48,000, సొలానా 42,000 అయ్యాయనుకో. మొత్తం 2,40,000. శాతాల్లో 62.5, 20, 17.5. ఇథీరియంలో 24 వేలు తక్కువ, సొలానాలో 18 వేలు, బిట్‌కాయిన్‌లో 6 వేలు ఎక్కువ.

పూర్తిగా సరిచేయాలంటే 18 వేల సొలానా, 6 వేల బిట్‌కాయిన్ అమ్మాలి. సొలానా రెట్టింపు దాటింది కాబట్టి ఆ 18 వేలలో కొన్న ధర 8,571 మాత్రమే, మిగిలిన 9,429 లాభం. బిట్‌కాయిన్‌లో 1,200 లాభం. రెండింటికీ పన్ను 3,316. సర్దుబాటు కోసం 24 వేలు కదిపితే అందులో దాదాపు ఏడో వంతు పన్నుకే పోతుంది.

నేనైతే ఇలా చేస్తాను. ముందు ప్రతి కాయిన్‌కూ ఒక గట్టు పెట్టుకో. బిట్‌కాయిన్‌కు 50 నుంచి 70 శాతం, ఇథీరియంకు 20 నుంచి 40, సొలానాకు 5 నుంచి 15 మధ్య. గట్టు లోపల ఉన్నంతసేపు ఏదీ అమ్మవద్దు. నెలనెలా వేసే 5 వేలు మాత్రం ఏది బాగా వెనకబడిందో దానికే వెళ్తుంది. కొనడానికి పన్ను లేదు కదా. ఏది ఎంత వెనకబడిందో షీట్‌లో ఒక్క ఫార్ములా చాలు. ఇక్కడ `B2` ఆ కాయిన్ ఇప్పటి విలువ, `C2` అనుకున్న శాతం, 60% అని గుర్తుతో సహా, `B5` మూడింటి మొత్తం, `B6` ఈ నెల వేసే డబ్బు.

```
=MAX(0, ($B$5+$B$6)*C2 - B2)
```

ఎక్కువ అంకె ఎక్కడ వస్తే ఆ కాయిన్ కొను. ఐదు వేలను మూడు ముక్కలు చేసి ఫీజులు పెంచుకోకు.

గట్టు దాటినదాన్ని మూడు నెలలకోసారి, నువ్వు పెట్టుకున్న తేదీన మాత్రమే అమ్ము. అది కూడా మధ్యకు తేవడానికి కాదు, గట్టు అంచుకు తేవడానికి. నీ లెక్కలో దాటింది సొలానా ఒక్కటే. 15 శాతం అంటే 36 వేలు, కాబట్టి 6 వేలది అమ్మితే చాలు. అందులో లాభం 3,143, పన్ను 981. వెయ్యి రూపాయలు పన్నుకని బ్యాంకులో వదిలేసి 5 వేలకు ఇథీరియం కొను. తర్వాత మూడు నెలల 15 వేలు కూడా దానికే వేసెయ్. ధరలు కదలకపోతే మూడు నెలలకు బిట్‌కాయిన్ 59, ఇథీరియం 27, సొలానా 14 శాతం చుట్టూ ఉంటాయి. 3,316 బదులు 981తో దాదాపు అదే చోటికి వచ్చావు. ఈ తేడా పూర్తిగా మిగిలినట్టు కాదు, రేపు సొలానా అమ్మిన రోజు ఆ పన్ను ఉంటుంది. కానీ ఆ రోజు ఎప్పుడన్నది నీ చేతిలో ఉంటుంది.

తేదీలకు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ 15 పెట్టుకో. మార్చిలో గట్టు దాటితే ఏప్రిల్ దాకా ఆగడం వల్ల ఆ అమ్మకం తర్వాతి ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది, పన్ను కట్టే గడువూ జరుగుతుంది. ఆ రోజు ఆదివారమైనా పెళ్లి రోజైనా ఇరవై నిమిషాల పని. మధ్యలో యాప్ తెరవాలనిపిస్తే తెరువు, అమ్మే బటన్ జోలికి మాత్రం పోవద్దు.

ఇందులో తేడా వచ్చే చోట్లు రెండున్నాయి, అవి గ్రూపులో ఎవరూ చెప్పరు.

ఒకటి, ఈ పద్ధతికి చచ్చిన కాయిన్ ఏదో తెలియదు. పడేకొద్దీ ఇంకా కొనమనే చెప్తుంది. 2022 మే మొదట్లో లూనా 80 డాలర్ల చుట్టూ ఉంది, ప్రపంచంలో మొదటి పది కాయిన్లలో ఒకటి. రెండు వారాలు తిరక్కుండా పైసల్లోకి వచ్చేసింది. దాన్ని పట్టికలో పెట్టుకుని శాతం తగ్గినప్పుడల్లా నింపినవాడి పని ఓటి కుండలో నీళ్లు పోసినట్టైంది. సొలానా కూడా 2021 నవంబర్‌లో 250 డాలర్లు దాటి, ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ కూలాక 2022 డిసెంబర్‌లో 10 డాలర్ల కిందికి పోయింది. అది మళ్లీ లేచింది, లూనా లేవలేదు. రెండూ పడుతున్న రోజుల్లో ఏది లేస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే చిన్న కాయిన్‌లో ఏడాదికి ఇంతకంటే కొత్త డబ్బు వేయను అని ముందే ఒక అంకె రాసుకో. నీ సైజుకు 10 వేలు చాలు. ఆ అంకె అయిపోయాక శాతం ఎంత పడినా ఆ ఏడాదికి దానికి మేత బంద్. బిట్‌కాయిన్, ఇథీరియంలకు నేను ఈ హద్దు పెట్టుకోలేదు. అది నా నమ్మకం, లెక్క కాదు.

రెండోది, ఒకటే కాయిన్ ఏళ్ల తరబడి ముందుకు పోతుంటే సర్దడం వల్ల లాభం తగ్గుతుంది. 2023, 2024లో బిట్‌కాయిన్ ముందు ఇథీరియం వెనకబడుతూనే వచ్చింది. ఆ రెండేళ్లు క్రమం తప్పకుండా ఇథీరియం నింపినవాడు, ఏమీ సర్దనివాడి కంటే వెనకే ఉన్నాడు. సర్దుబాటు చేసే పని ఎక్కువ సంపాదించి పెట్టడం కాదు, సొలానాలాంటిది నీకు తెలియకుండా సగం డబ్బు అయిపోకుండా ఆపడం. మూడూ కలిసి పడ్డ రోజున అది కూడా కాపాడదు. ఇవి ఎక్కువగా కలిసే పడతాయి. అందుకే చెరువు లీజుకని దాచిన డబ్బు, చిట్టీ కట్టాల్సిన డబ్బు ఇందులోకి తేవద్దు.

నెలకు 5 వేలతో నడిచే ఈ పద్ధతి 2 లక్షలకే సరిపోతుంది. నీ మొత్తం 15, 20 లక్షలైతే నెల డబ్బు చెరువులో చెంబెడు నీళ్లు. అప్పుడు గట్లు వెడల్పు చేసుకోవాలి, అమ్మకాలూ కొంచెం పెరుగుతాయి.

ఇంత చెప్పినా చార్ట్ చూడకుండా ఉండలేనంటావా, కొనే వైపు వాడుకో. ఈ నెల 5 వేలు 5వ తేదీన వేయాలా, 20న వేయాలా అని గీతలను అడుగు. తప్పినా పోయేది కొద్ది రూపాయలు, పన్ను లేదు. అమ్మే వైపు అడిగితే మాత్రం తప్పిన ప్రతిసారీ నష్టం నీది, గెలిచిన ప్రతిసారీ లాభంలో మూడో వంతు దాకా ప్రభుత్వానిది.

నష్టంలో ఉన్నదాన్ని మార్చి చివర్లో అమ్మి వెంటనే మళ్లీ కొనమని కూడా గ్రూపులో చెప్తారు, షేర్లలో చేసినట్టు. కాయిన్లలో చేయవద్దు. ఆ నష్టం దేనికీ పనికిరాదు. పైగా నీ కొన్న ధర కిందికి దిగిపోతుంది కాబట్టి, రేపు లేచినప్పుడు పన్ను ఎక్కువ పడుతుంది. మా ఆఫీసుకు ఏటా ఇద్దరు ముగ్గురు ఇది చేసేసి వస్తారు.

ప్రతి కొనుగోలుకూ తేదీ, ఎన్ని కాయిన్లు, ఎంత రూపాయి అని ఇప్పటి నుంచే రాసి పెట్టుకో. రిటర్న్‌లో కాయిన్ల షెడ్యూల్ వేరే ఉంటుంది, ప్రతి అమ్మకానికీ కొన్న తేదీ, కొన్న ధర అడుగుతుంది. యాప్ రిపోర్టును ఒక్కదాన్నే నమ్ముకోకు. నా క్లయింట్ ఒకాయన ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు కాయిన్లు మార్చాడు. రెండో యాప్ రిపోర్టులో కొన్న ధర సున్నా అని వచ్చింది. ఆయన చూసుకోకపోయి ఉంటే అమ్మిన మొత్తమంతా లాభమై కూర్చునేది. పాత యాప్ స్టేట్‌మెంట్లు, బ్యాంకు ఎంట్రీలు వెతికి సరిచేసేసరికి రెండు ఆదివారాలు పోయాయి. రిటర్న్ వేసే ముందు ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో నీ పేరు మీద ఉండే 26ఏఎస్ స్టేట్‌మెంట్ తీసి, నీ షీట్‌లోని అమ్మకాలకు కట్ అయిన టీడీఎస్ అక్కడ కనిపిస్తోందా లేదా సరిచూసుకో. లేకపోతే ముందు ఎక్స్ఛేంజ్‌కు రాసి అది పడ్డాకే వెయ్యి.